కడుపును కాచే నొప్పి మాత్ర కిడ్నీని కాస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. కరీంనగర్ దగ్గర పల్లెలో ఉంటుంది. ఏళ్ల తరబడి కింద కూర్చుని బీడీలు చుట్టింది. రెండు మోకాళ్లూ అరిగాయని డాక్టరు చెప్పారు. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర రోజూ వేసుకుంటుంది. నొప్పికి రెండేళ్లుగా డైక్లోఫినాక్ 50 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేది. ఏప్రిల్‌లో మూడు రోజులు విరేచనం తారులా నల్లగా అయి, తర్వాత మామూలైంది. కడుపునొప్పి మాత్రం లేదు. మందుల షాపులో చెబితే, "ఇది కడుపును ఏమీ చేయదు" అని ఎటోరికాక్సిబ్ 90 రోజుకొకటి ఇచ్చారు. నొప్పి బాగా తగ్గింది. కానీ మూడు వారాలకే పాదాలు వాచాయి, 130/80 ఉండే బీపీ 160/94కు పోయింది. నిన్న పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.4 వచ్చింది, జనవరిలో 0.9 ఉండేది. హిమోగ్లోబిన్ 12 నుంచి 10.1కి పడింది. పాత మాత్రకే వెళ్లి గ్యాస్ మాత్ర కలుపుదామని మా అన్నయ్య అంటున్నాడు. కడుపుకు మంచిది కాబట్టి కొత్తదే ఉంచి, కిడ్నీకి వేరే మందు వాడదామని నా ఆలోచన. అమ్మేమో మాత్ర లేకపోతే లేవలేనంటోంది. ఏది సరైనది?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఈ వారం సంగతి. మీరూ మీ అన్నయ్యా రెండు మాత్రల్లో ఒకదాన్ని ఎంచుకోవాలని చూస్తున్నారు గాని, మీరు రాసిన అంకెలను బట్టి ప్రస్తుతం మీ అమ్మగారికి ఆ రెండూ తగవు. ఎటోరికాక్సిబ్‌ను ఈ రోజే ఆపించండి, దాని బదులు ఆ జాతికి చెందిన మరో నొప్పి మాత్రను మొదలుపెట్టకండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. దాన్ని కొన్నాళ్లు మార్చాలా అన్నది పరీక్షలు చూసిన డాక్టరు తేల్చవలసిన విషయం. పాత, కొత్త రిపోర్టులూ, వాడిన మాత్రల అట్టలూ తీసుకుని రేపటిలోగా జనరల్ ఫిజీషియన్‌కు చూపించండి. ఈలోగా విరేచనం మళ్లీ నల్లబడినా, వాంతిలో రక్తం గాని కాఫీ పొడి లాంటి పదార్థం గాని కనిపించినా, లేవగానే కళ్లు తిరిగి పడబోయినా, మూత్రం బాగా తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

ఇక మీ ప్రశ్న. కడుపును కాపాడే మాత్ర కిడ్నీని కూడా కాపాడుతుందని మీకు షాపులో ఎవరూ చెప్పలేదు, కానీ "సేఫ్" అన్న మాట వింటే ఎవరికైనా అలాగే తోస్తుంది. అది ఎందుకు నిజం కాదో తెలియాలంటే ఈ మందులు ఏం చేస్తాయో కొంచెం చూడాలి.

మన కణాల పొరల్లో ఉండే అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది. క్లుప్తంగా దాన్ని కాక్స్ అంటారు. అరిగిన మోకాలిలో వాపునూ నొప్పినీ పెంచేవి ఈ ప్రోస్టాగ్లాండిన్లే. ఆస్పిరిన్ వంటి మందులు ఈ ఎంజైమ్‌ను అడ్డుకోవడం వల్లనే పనిచేస్తాయని 1971లో జాన్ వేన్ చూపించారు, 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అయితే ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి కోసమే పుట్టినవి కావు. కడుపు లోపలి పొర మీద జిగురును నిలిపి ఉంచేవీ, ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్‌ను ఊరించేవీ, ఆ పొరకు రక్తం తగినంత అందేలా చూసేవీ అవే. అందుకే ఈ మాత్రలు కడుపును పాడుచేసేది ప్రధానంగా తగిలిన చోట ఒరిపిడి పెట్టి కాదు, రక్తంలో కలిసి ఆ రక్షణను తీసేయడం వల్ల. అన్నం తిన్నాక వేసుకుంటే మంట కొంత తగ్గవచ్చు గాని పుండు పడే ప్రమాదం తప్పదు. అదే మందు ఇంజెక్షన్‌గా తీసుకున్నా కడుపుకు ముప్పు ఉండనే ఉంటుంది.

1990ల ఆరంభంలో ఈ ఎంజైమ్ రెండు రూపాల్లో ఉందని తేలింది. కాక్స్-1 కడుపులోనూ, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలోనూ ఎప్పుడూ ఉంటుంది. కాక్స్-2 ముఖ్యంగా వాపు ఉన్న చోట కొత్తగా పుట్టుకొస్తుంది. కాక్స్-2 లోపలి మార్గంలో ఒక చోట కాస్త చిన్న అమైనో ఆమ్లం ఉండడం వల్ల పక్కన ఒక అదనపు జాగా ఏర్పడింది. ఆ జాగాలోనే ఇమిడేలా, కాక్స్-1 ఇరుకు మార్గంలో పట్టకుండా ఉండేలా తయారైనవే సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ వంటి మందులు. వీటినే కాక్సిబ్‌లనీ, సెలెక్టివ్ మందులనీ అంటారు. ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్ వంటివి రెండు రూపాలనూ పట్టుకుంటాయి. అయితే ఇవి గోడ కట్టి విడదీసిన రెండు గదులు అనుకోకండి. మీ అమ్మగారు రెండేళ్లు వాడిన డైక్లోఫినాక్ పాత మందుల్లో లెక్కకు వస్తుంది గాని, రక్తంలో కొలిచి చూస్తే అది కాక్స్-2 వైపు మొగ్గే తీరు సెలికాక్సిబ్‌కు దగ్గరగానే ఉంటుంది. మామూలు మోతాదుల్లో మాత్రం కాక్స్-1ను కూడా తగినంతగా అడ్డుకుంటుంది కాబట్టి కడుపుకు ముప్పు మిగులుతుంది. ఎటోరికాక్సిబ్ ఆ వరుసలో బాగా చివర, అంటే బాగా సెలెక్టివ్ వైపు ఉంటుంది.

కాబట్టి షాపులో చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. పుండు లేని కడుపులో కొత్తగా పుండు పడే అవకాశం కాక్సిబ్‌లతో తక్కువే. కానీ మీ అమ్మగారి కడుపు అప్పటికి పుండు లేని కడుపు అని ఎవరికీ తెలియదు. ఐరన్ మాత్రలు వాడుతూ ఉంటే విరేచనం నల్లబడుతుంది, ఆవిడ వాడుతున్నట్టు మీరు రాయలేదు. తారులా నల్లగా, జిగటగా మూడు రోజులు వెళ్లి, ఆపైన హిమోగ్లోబిన్ దాదాపు రెండు గ్రాములు పడిపోయిందంటే, కడుపులోనో చిన్నపేగు మొదటి భాగంలోనో పుండు పడి రక్తం కారిందనే ముందు అనుకోవాలి. నొప్పి లేకపోవడం ఊరట కాదు. ఈ మాత్రల వల్ల పడే పుండు, ముఖ్యంగా వయసు మళ్లిన వారిలో, రక్తస్రావం అయ్యేదాకా చాలాసార్లు చప్పుడు చేయదు, పైగా అదే మాత్ర ఆ నొప్పిని కూడా అణిచి ఉంచుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకసారి పుండు పడ్డాక దాని అంచుల్లో కాక్స్-2 పెరిగి మానడానికి సాయపడుతుంది. మానుతున్న పుండు ఉన్నప్పుడు కాక్సిబ్ ఇవ్వడం అంటే ఆ సాయాన్ని కూడా తీసివేయడమే. అందుకే మానని పుండు గాని, కొనసాగుతున్న రక్తస్రావం గాని ఉన్నవారికి ఎటోరికాక్సిబ్ ఇవ్వకూడదని ఆ మందు వివరాల్లోనే ఉంటుంది. ఏప్రిల్‌లో చేయవలసింది మాత్ర మార్చడం కాదు, ఎండోస్కోపీ. అది ఇప్పుడైనా చేయించండి. అప్పుడే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉందేమో కూడా చూస్తారు. ఉంటే దానికి చికిత్స చేయకుండా ముందు ముందు ఏ నొప్పి మాత్ర ఇచ్చినా పుండు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

కడుపు సంగతి ఇంతవరకు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది కిడ్నీ.

కిడ్నీ వడపోతకు రక్తం ఒక సన్నని నాళం ద్వారా లోపలికి వచ్చి, మరో నాళం ద్వారా బయటికి పోతుంది. ఈ రెండింటి మధ్య ఉండే ఒత్తిడితోనే వడపోత జరుగుతుంది. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినప్పుడు ఆ ఒత్తిడి పడిపోకుండా, లోపలికి తెచ్చే నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు వెడల్పుగా ఉంచుతాయి. ఆ ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేయడంలో కాక్స్-2కూ పెద్ద పాత్ర ఉంది. వాపు వచ్చినప్పుడే పుడుతుందని చెప్పిన కాక్స్-2 కిడ్నీలో మామూలుగానే ఎప్పుడూ ఉంటుంది, నీరు తగ్గినప్పుడు మరింత పెరుగుతుంది. కనుక కాక్స్-2ను మాత్రమే అడ్డుకునే మందు కడుపును వదిలిపెట్టగలదు గాని కిడ్నీని వదిలిపెట్టదు. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోయి పాదాలు వాచడం, బీపీ పెరగడం, క్రియాటినిన్ పెరగడం, ఈ మూడూ ఒకే కారణం నుంచి వచ్చిన ఫలితాలు. అరిగిన మోకాళ్లకు ఎటోరికాక్సిబ్ రోజుకు 60 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం. 90 మిల్లీగ్రాముల మోతాదు రుమటాయిడ్ కీళ్లవాతం వంటి జబ్బులకు ఉద్దేశించినది. బీపీ 140/90 దాటి అదుపులో లేనివారికి ఆ మందు అసలు ఇవ్వరు. నొప్పి మాత్రలకూ కిడ్నీలకూ ఉన్న సంబంధాన్ని మన దేశం ఒకసారి ఘోరంగా చూసింది. పశువులకు ఇచ్చిన డైక్లోఫినాక్ వాటి కళేబరాల ద్వారా రాబందులకు చేరి, వాటి కిడ్నీలు దెబ్బతిని రాబందులు దాదాపు కనుమరుగయ్యాయి. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. మనుషుల మోతాదులో మన కిడ్నీలు అంత సులువుగా చెడిపోవు. మీ అమ్మగారి విషయంలో మాత్రం కిడ్నీకి ఉన్న రెండు ఆసరాలు అప్పటికే బీపీ మాత్ర వల్ల తగ్గి ఉన్నాయి.

అదెలాగంటే, టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలు. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా ఉప్పునూ నీటినీ పంపిస్తుంది. ఈ రెండూ ఉన్నచోట మూడోదిగా నొప్పి మాత్ర చేరితే లోపలికి వచ్చే దారి ఇరుకవుతుంది, బయటికి పోయే దారి వదులుగా ఉంటుంది, మొత్తం రక్తమే తక్కువగా ఉంటుంది. వడపోతకు కావలసిన ఒత్తిడి ఏ వైపు నుంచీ దొరకదు. ఏప్రిల్, మే ఎండల్లో చెమట పట్టి నీరు ఇంకా తగ్గి ఉండవచ్చు, రక్తం కారడం వల్ల కూడా కొంత తగ్గి ఉండవచ్చు. బ్రిటన్‌లో బీపీ మందులు వాడే 4.87 లక్షల మంది రికార్డులు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మూడు రకాల మందులూ కలిసినప్పుడు కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడం 31 శాతం ఎక్కువగా కనిపించింది, మొదటి 30 రోజుల్లో అయితే 82 శాతం ఎక్కువగా కనిపించింది. మీ అమ్మగారికి మూడు వారాల్లోనే తేడా తెలియడం ఈ లెక్కకు సరిపోతుంది. డైక్లోఫినాక్‌తో రెండేళ్లు ఏమీ కాలేదు కదా అని మీకు అనిపించవచ్చు. డైక్లోఫినాక్ ప్రభావం రక్తంలో కొద్ది గంటల్లో తగ్గిపోతుంది, మధ్యలో కిడ్నీకి కొంత ఊపిరి దొరుకుతుంది. ఎటోరికాక్సిబ్ సగానికి తగ్గడానికే దాదాపు 22 గంటలు పడుతుంది, కాబట్టి రోజుకొకటి వేసుకున్నా ఆ అడ్డు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

క్రియాటినిన్ 1.4 అంటే చాలామందికి "కొంచెం ఎక్కువ" అనిపిస్తుంది, ల్యాబ్ రిపోర్టులో గీత దాటినది కొద్దిగానే కనుక. కానీ 64 ఏళ్ల స్త్రీకి 0.9 ఉన్నప్పుడు వడపోత నిమిషానికి సుమారు 71 మిల్లీలీటర్లు, 1.4 ఉన్నప్పుడు సుమారు 42. అంటే నాలుగు నెలల్లో వడపోతలో ఐదింట రెండు వంతులు తగ్గింది. అంకె ఇంకా మారుతూ ఉంటే ఈ లెక్క అంత కచ్చితం కాదు, అసలు స్థితి దీనికంటే తక్కువగా కూడా ఉండవచ్చు. అందువల్ల రేపు వెళ్లినప్పుడు క్రియాటినిన్‌తో పాటు పొటాషియం కూడా చూడమని అడగండి. టెల్మిసార్టాన్, నొప్పి మాత్ర రెండూ పొటాషియాన్ని పెంచేవే, అది బాగా పెరిగితే గుండె లయ చెడుతుంది. మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో కూడా చూడాలి. ఈ మందుల వల్ల అరుదుగా కిడ్నీ కణజాలమే వాచి ప్రోటీన్ పోవడం జరుగుతుంది, దానికి చికిత్స వేరు. ఒత్తిడి పడిపోవడం ఒక్కటే కారణమైతే మందు ఆపాక సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో క్రియాటినిన్ దిగుతుంది. ఆవిడ చేత బలవంతంగా నీళ్లు తాగించకండి, పాదాలు వాచి ఉన్నాయి కనుక ఎంత తాగాలన్నది డాక్టరు చెప్పాలి. మీరు అనుకున్న "కిడ్నీకి వేరే మందు" అంటూ ఏదీ లేదు. నొప్పి మాత్ర వల్ల జరిగే ఈ నష్టాన్ని, మాత్ర కొనసాగిస్తూ సరిచేసే మందు ఇంతవరకు రాలేదు.

మీ అన్నయ్య ఆలోచనలో బలం లేకపోలేదు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు పుండ్లను నిజంగానే తగ్గిస్తాయి. అయితే దీనికి సూటి జవాబు హాంకాంగ్ వైద్యులు 2002లో ప్రచురించిన ఒక పరీక్షలో ఉంది. పుండు నుంచి ఒకసారి రక్తం కారి మానిన 287 మంది కీళ్లనొప్పుల రోగుల్లో సగం మందికి సెలికాక్సిబ్, సగం మందికి డైక్లోఫినాక్‌తో పాటు ఒమెప్రజోల్ ఆరు నెలలు ఇచ్చారు. రక్తస్రావం తిరగబెట్టింది మొదటి గుంపులో 4.9 శాతం మందికి, రెండో గుంపులో 6.4 శాతం మందికి. అంటే మీ వాదనా మీ అన్నయ్య వాదనా దాదాపు సమానమే, రెండింటిలో ఏదీ పూర్తి రక్షణ కాదు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఆ పరీక్షలోని మరో అంకె. బీపీ పెరగడం, కాళ్ల వాపు, కిడ్నీ పనితీరు తగ్గడం కలిపి చూస్తే, అవి సెలికాక్సిబ్ గుంపులో 24.3 శాతం మందికీ, డైక్లోఫినాక్ గుంపులో 30.8 శాతం మందికీ వచ్చాయి. మాత్ర ఏదైనా, కిడ్నీ వైపు నుంచి నలుగురిలో ఒకరికి ఇబ్బంది తప్పలేదు. ఆమ్లాన్ని తగ్గించే మాత్రకు కిడ్నీతో పని లేదు కాబట్టి అది ఇందులో ఏమీ మార్చలేదు. అదే బృందం 2007లో సెలికాక్సిబ్‌కు ఎసోమెప్రజోల్ కలిపి ఇచ్చినప్పుడు ఏడాదికి పైగా ఒక్కరికీ రక్తస్రావం తిరగబెట్టలేదు, కలపని గుంపులో 8.9 శాతం మందికి తిరగబెట్టింది. కడుపు విషయంలో ఇంతకంటే మంచి కలయిక నాకు తెలియదు.

ఇక గుండె మాట కొద్దిగా. కాక్స్-1 ప్లేట్‌లెట్లలో రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాన్ని చేస్తుంది, కాక్స్-2 రక్తనాళాల గోడల్లో దానికి విరుగుడును చేస్తుంది. విరుగుడును మాత్రమే ఆపితే తూకం గడ్డల వైపు వాలుతుంది. రోఫెకాక్సిబ్ 2004లో గుండెపోట్ల కారణంగా మార్కెట్ నుంచి పోయింది ఇందుకే. డైక్లోఫినాక్ ముప్పు కూడా కాక్సిబ్‌ల ముప్పుకు దగ్గరగానే ఉంటుంది. బీపీ 160 ఉన్న మనిషికి ఇది మరో కారణం.

మీ అమ్మగారు లేవలేనన్న మాటను కొట్టిపారేయకూడదు. ఆ నొప్పికి దారి చూపకుండా మాత్ర ఆపమంటే, మీకు తెలియకుండా ఆవిడ పక్కింటివారితో తెప్పించుకుంటారు. క్రియాటినిన్ దిగేదాకా మీ చేతిలో ఉన్నవి ఇవి. పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్ల వరకు, డాక్టరు ఒప్పుకుంటే. మోకాళ్ల నొప్పికి దాని బలం తక్కువే, ఆ సంగతి ఆవిడకు ముందే చెప్పండి, లేకపోతే మొదటి రోజే విసుగు చెందుతారు. డైక్లోఫినాక్ జెల్ మోకాలికి బాగా పనిచేస్తుంది, మింగిన మాత్రతో పోలిస్తే రక్తంలోకి వెళ్లేది ఆరు శాతం మాత్రమే. అయినా ఈ ఒకటి రెండు వారాలు దాన్ని కూడా ఆపి, కిడ్నీ కోలుకున్నాక మొదలుపెట్టడం నాకు మంచిదనిపిస్తోంది. ఒక మోకాలు బాగా వాచి ఉంటే అందులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని వారాలు ఉపశమనం ఉంటుంది, కిడ్నీ మీద ఈ రకమైన భారం పడదు, చక్కెర జబ్బు ఉంటే కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. బీడీలు చుట్టేటప్పుడు కింద కాకుండా బల్ల ముందు కుర్చీలో కూర్చోవడం, తొడ ముందు కండరాన్ని బలపరిచే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవడం మెల్లగా గాని నిలకడగా పనిచేస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. షాపులో "పారాసిటమాల్ ఉన్నదే" అని ఇచ్చే చాలా మాత్రల్లో ఏసిక్లోఫినాక్ కలిసి ఉంటుంది. అది డైక్లోఫినాక్ జాతిదే. అట్ట వెనక మందుల పేర్లు ఒక్కొక్కటీ చదివి, పారాసిటమాల్ ఒక్కటే ఉన్నది తీసుకోండి.

క్రియాటినిన్ మళ్లీ 0.9 దగ్గరికి వచ్చి, ఎండోస్కోపీలో పుండు మానిందని తేలి, బాక్టీరియాకు చికిత్స పూర్తయి, బీపీ అదుపులోకి వచ్చాక కూడా నొప్పి భరించరానిదైతే, మళ్లీ మాత్ర ఇవ్వడమే వద్దని నేను అనను. అప్పుడు డాక్టరుతో మాట్లాడవలసినది సెలికాక్సిబ్ రోజుకు 200 మిల్లీగ్రాములు, దానితో పాటు ఆమ్లాన్ని తగ్గించే మాత్ర, నొప్పి ఎక్కువైన వారం పది రోజులకు మాత్రమే. దానికి ముందే హైడ్రోక్లోరోథయజైడ్ తీసి ఆమ్లోడిపిన్ వంటిది పెట్టగలరేమో అడగండి. మూడింటిలో ఒకటి తగ్గితే కిడ్నీ మీద భారం అంత తగ్గుతుంది. ఆమ్లోడిపిన్ కూడా కొందరిలో పాదాల వాపు తెస్తుంది కాబట్టి, వాపు ఒక్కటే చూసి నిర్ణయించకుండా, నొప్పి మాత్ర మొదలుపెట్టిన వారం రోజులకు బీపీ, క్రియాటినిన్, పొటాషియం చూడాలి. విరేచనాలు, వాంతులు, జ్వరం వచ్చిన రోజున నొప్పి మాత్ర ఆ పూటే మానేయాలి. వడపోత 42 దగ్గరే నిలిచిపోతే మాత్రం ఈ దారి మూసుకున్నట్టే అనుకోండి. అప్పుడు కీలులోకి ఇంజెక్షన్లు, డులాక్సెటిన్ వంటి వేరే జాతి మందులు, చివరికి మోకాలి మార్పిడి శస్త్రచికిత్స గురించి ఎముకల డాక్టరుతో మాట్లాడవలసి వస్తుంది. శస్త్రచికిత్స దాకా వెళ్తే, ఏప్రిల్ నాటి నల్ల విరేచనం సంగతీ, ఇప్పటి క్రియాటినిన్ అంకెలూ మత్తు డాక్టరుకు ముందుగానే రాతలో ఇవ్వండి. ఆపరేషన్ తర్వాత నొప్పికి సాధారణంగా ఇచ్చే ఇంజెక్షన్లలో డైక్లోఫినాక్, కిటోరోలాక్ కూడా ఉంటాయి.